అమ్మీ కంటే వెనకొచ్చిన అక్షరాలు

మొన్న రంజాన్ సెలవులకు దర్శి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో మజీద్ మజీదీ 1997లో తీసిన ఇరానీ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' పెట్టాను. ఫార్సీలో దాని పేరు 'బచ్చెహాయె ఆస్మాన్'. "ఆస్మాన్ అంటే మనదే కదా బేటా" అని అమ్మీ ఖుష్.

సబ్‌టైటిల్స్ చూసి నేను మాటల మత్లబ్ చెప్పాలి. కానీ అక్షరాలు రెండు సెకన్లు ఆలస్యం. సగం లఫ్జులు అమ్మీకే ముందు అర్థమైపోతున్నాయి! VLCలో `G` ఒక్కసారి నొక్కితే సబ్‌టైటిల్ 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది, `H` నొక్కితే వెనక్కి పోతుంది. నలభై సార్లు `G` నొక్కాను. సరిపోయింది.

పది నిమిషాలకు చూస్తే పాతిక సెకన్లు వెనక! అప్పుడు తెలిసింది, అసలు మర్జ్ వేరు. నా సినిమా సెకనుకు 25 ఫ్రేములది, సబ్‌టైటిల్ ఫైలు 23.976 ఫ్రేముల ప్రింటుకు చేసింది. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే `G` చాలు. పెరుగుతూ పోతుంటే ఎన్నిసార్లు నొక్కినా బేకార్. అందుకే మొదట్లో సరిచేశాక, పది నిమిషాలు దాటించి మళ్లీ చూడాలి.

25 ఫ్రేముల ప్రింటుకు చేసిన ఇంకో .srt వెతికి, దానికి సినిమా ఫైలు పేరే పెట్టి, అదే ఫోల్డర్‌లో ఉంచాను. VLC తనంతట తానే తీసుకుంది.

అలీ చెల్లెలి బూట్లు పోగొట్టిన చోటికి మళ్లీ వచ్చాం. "ఇక నువ్వు చుప్ ఉండు, అర్థమవుతోంది" అంది అమ్మీ.