ఖులా హోనా

నాకప్పుడు ఏడేళ్లు. కొవ్వూరు నుంచి ఖాలా ఒక్కతే రాజమండ్రిలో మా ఇంటికొచ్చింది. చేతిలో ఇనప సందూక్, దానికి తాళం. కంటి కింద నల్లగా కమిలిపోయింది. ఏమైందంటే, మెట్ల మీద జారిపడిందని అమ్మీ చెప్పింది. ఖాలా వాళ్లది పెంకుటిల్లు, మెట్లే లేవు. ఖాలూ కొత్తగా కట్టించి ఉంటాడనుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే మాట. "బచ్చీకు ఖులా హోనా" అని నానీ. "లోగాఁ క్యా బోలేంగే" అని అబ్బా. ఖాలా మాత్రం తల ఎత్తకుండా "మెహర్ ఛోడ్ దేతీ, బస్ ఖులా హోనా" అంటోంది.

ఖులా అంటే తెరిచి ఉన్నదని నాకు తెలుసు. సందూక్ చాబీ పోయిందన్నమాట. తెరిచిపెట్టిన వాళ్లకి లోపలున్న మెహర్ ఇచ్చేస్తానంటోంది పాపం.

జుమ్మా రోజు అసర్ తర్వాత ఖాజీ సాబ్ వచ్చారు. ఇద్దరు పెద్దలతో ఖాలూ కూడా వచ్చాడు. ఇంతమంది వచ్చినా తాళం సంగతి ఎవరూ చూడటం లేదు. నేనే అబ్బా చాబీల గుత్తి తెచ్చి "మై ఖోల్తూఁ" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. ఖాలా నన్ను దగ్గరికి లాక్కుంది. అప్పుడు చూశాను, ఆమె కొంగు చివర ముడిలో చాబీ ఉంది. చాబీ తన దగ్గరే పెట్టుకుని ఇంతమందిని ఎందుకు పిలిచిందో!

మొన్న దీన్ని కథగా రాశాను. మొదటి ప్రతిలో చివర ఒక పేరా ఉండేది, పెద్దయ్యాక నాకేం అర్థమైందో చెబుతూ. అది చదివాక కథ చచ్చిపోయినట్టనిపించి కొట్టేశాను. మన పక్కనే ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు తన తప్పుల్ని ఎక్కడా దిద్దుకోడు. విన్నది విన్నట్టు చెబుతాడు, అర్థం మనకొదిలేస్తాడు. పిల్లాడి కన్ను, చెవి తప్పు చెప్పకూడదు. లెక్క మాత్రమే తప్పాలి. ఆ తప్పుకీ వాడిదైన కారణం ఉండాలి.

నా కారణం చెవిలో ఉంది. బడిలో ఉర్దూ నేర్చుకున్నాక తెలిసింది, ఖాలా అడిగిన ఖులా ఖే, లామ్, ఐన్. పెట్టె ఖులా కాఫ్‌తో మొదలవుతుంది. కాగితం మీద రెండూ వేరు. తెలుగులో రాస్తే మాత్రం మళ్లీ ఒకటే. అందుకే ఈ కథ తెలుగులోనే రాశాను.

ఖాలాకు చదివి వినిపించాను. మెట్ల దగ్గర ఆపమంది.

"నీకప్పుడే తెలుసా?"

"లేదు ఖాలా. మీ ఇంట్లో మెట్లు లేవని మాత్రమే తెలుసు."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆగే పఢ్" అంది.