నీళ్ళు రాని ఊళ్ళో నీళ్ళు దూరిన వాచీ

"వాచీలోకి నీళ్ళు పోయినాయమ్మా. వారంటీ రాదు. బాగుచేయాలంటే 1,950 రూపాయలు అవుతుంది."

అనంతపురం సర్వీసు సెంటర్ నుంచి ఫోన్లో ఆ మాట విన్నప్పుడు నేను బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం వీధిలో నిలబడి ఉన్నాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. ముదిగుబ్బలో మూడోరోజు కొళాయి వస్తే పండగే. అలాంటి చోట మా వాచీ నీళ్ళలో మునిగిందట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వాచీ మా అమ్మాయిది. నర్సింగులో సీటు వచ్చిందని, చీటీ డబ్బుల్లోంచి 4,650 పెట్టి కొనిచ్చాను. రెండేళ్ళ వారంటీ. పదో నెలలో ఆగిపోయింది. డబ్బు సంగతి అటుంచండి, ఆ ఫోను వచ్చిన రాత్రి ఇంట్లో జరిగింది నన్ను ఎక్కువ బాధపెట్టింది. "నీళ్ళలో యాడో ముంచినావు. మాకు చెప్పకుండా దాచినావు" అన్నారు మా ఆయన. "లేదు నాయనా" అని అది ఒక్క మాట అని, అన్నం తినకుండా లేచిపోయింది.

మర్నాడు పొద్దున వంటింట్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "నిజం చెప్పు తల్లీ, నేను తిట్టను." అది చెప్పింది. వార్డులో గంటకోసారి చేతులు కడుక్కోవాలి. మొదట్లో తీసి జేబులో పెట్టుకునేది. తర్వాత్తర్వాత వాచీతోనే కడుక్కుంది. అంతే. స్నానానికి పెట్టుకోలేదు, ఎక్కడా ముంచలేదు. ఇంకో మాట కూడా అంది. ఆగిపోవడానికి ముందు ఓ వారం పాటు సెకన్ల ముల్లు మామూలుగా నడవకుండా, కాసేపు ఆగి నాలుగేసి గీతలు ఒక్కసారిగా దూకేదట.

ఆ ముల్లు సంగతి పట్టుకుని మా బజారులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పోయాను. సర్వీసు సెంటర్లో కౌంటర్ అబ్బాయిని అడిగి ఫోన్లోకి తెప్పించుకున్న లోపలి ఫోటో చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి చూసి, "ఇది నీళ్ళు కాదమ్మా, సెల్లు కారింది" అన్నారు. సెల్లు అయిపోవస్తోందని చెప్పడానికే చాలా వాచీల్లో ముల్లు అలా దూకేట్టు పెడతారట. అయిపోయిన సెల్లు అట్లాగే ఉంటే అందులోని క్షారం బయటికి వచ్చి తెల్లటి పొడి కడుతుంది. మనం టార్చిలైటులో, టీవీ రిమోట్లో ఎన్నిసార్లు చూడలేదు! ఆ ఫోటోలో తెల్లపొడి సెల్లు చుట్టూనే ఉంది. నీళ్ళు దూరితే మొదట తుప్పు పట్టేది టైము తిప్పే కీ తాలూకు సన్నటి పుల్లకు. ఎందుకంటే నీళ్ళు వచ్చే ముఖ్యమైన దారి అదే. అద్దం కింద ఆవిరి పడుతుంది, డయలు మీద మరకలు వస్తాయి. ఫోటోలో పుల్ల తళతళలాడుతోంది. డయలు శుభ్రంగా ఉంది.

అయినా ఒక మాట హెచ్చరించారు ఆయన. "ఫోటో చూసి చెప్తాండా. ఖాయంగా చెప్పాలంటే విప్పి చూడాల. వాచీ తెచ్చి నా చేత మూత తీయిస్తే మాత్రం, బయట తెరిచినారని వాళ్ళకు ఇంకో సాకు దొరుకుతుంది." అందుకే వాచీని సర్వీసు సెంటర్లోనే ఉంచి, కంపెనీకే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. తెలుగు బీఏ చదివిన దానికి ఇన్నాళ్ళకు ఒక పని దొరికింది. నేను తెలుగులో రాస్తే అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి రెండూ కలిపి పంపింది. మెయిలు చేసి, ఒక ప్రతి రిజిస్టర్ పోస్టులో కూడా వేశాం. ముఖ్యమైన భాగం ఇది:

"అయ్యా, మీ వాచీ వెనక మూత మీద 50 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుందని చెక్కి ఉంది. అది కొత్త వాచీకి ప్రయోగశాలలో ఇచ్చే ఒత్తిడి లెక్క అనీ, 50 మీటర్ల లోతుకు దూకమని అర్థం కాదనీ నాకు తెలుసు. మా అమ్మాయి వాచీతో చేతులు కడుక్కున్న మాట నిజం. దాచడం లేదు. మీ వారంటీ పుస్తకంలోనే 50 మీటర్ల వాచీతో చేతులు కడుక్కోవచ్చని రాశారు. వేడినీటి స్నానం వద్దన్నారు, చేయలేదు. కీ బయటికి లాగి ఉంచవద్దన్నారు, ఉంచలేదు. అద్దం పగలలేదు. మూత బయట ఎవరూ తీయలేదు. ఇవన్నీ పాటించినా నీళ్ళు దూరి ఉంటే, లోపలి రబ్బరు రింగు లోపం కాదా?

నీళ్ళే దూరాయని మీరు అంటే ఈ మూడింటికి జవాబు ఇవ్వండి. ఒకటి, ఒత్తిడి పరీక్ష చేశారా, చేస్తే దాని ఫలితం ఏమిటి? రెండు, కీ పుల్ల మీద, డయలు మీద తుప్పు గానీ మరక గానీ ఉన్న ఫోటో పంపండి. మూడు, సెల్లు చుట్టూ ఉన్న తెల్లపొడి ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి. ఆగకముందు ముల్లు నాలుగేసి సెకన్లకు దూకింది. అది మీ పుస్తకం ప్రకారం సెల్లు అయిపోయే గుర్తు. సెల్లు వేసింది మీరే. వాచీని ఉన్నది ఉన్నట్టు ఉంచండి, శుభ్రం చేయవద్దు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను."

చివరి వాక్యం ఉత్త బెదిరింపు కాదు. రాసేముందు 1915కు ఫోన్ చేసి కనుక్కున్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. కొన్న వస్తువుకు ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు అయితే కమిషన్ ఫీజు లేదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. లోపం ఉందో లేదో తేల్చడానికి వస్తువును ల్యాబుకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. వాచీని శుభ్రం చేయవద్దని రాసింది అందుకే. ఆ పొడి తుడిచేస్తే ల్యాబుకు చూపించడానికి మన చేతిలో ఏమీ మిగలదు.

పన్నెండో రోజు జవాబు వచ్చింది. నా మూడు ప్రశ్నలకూ సమాధానం లేదు. "ప్రత్యేక సందర్భంగా భావించి" లోపలి మిషను ఉచితంగా మారుస్తామని మాత్రం ఉంది. మా ఆయన "ఇంకేం, ఒప్పుకో" అన్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళ జాబ్ షీటులో 'నీటి వల్ల పాడైంది' అని ఉన్నంతకాలం, మిగిలిన వారంటీలో మళ్ళీ ఏం జరిగినా అదే కాగితం ముందు పెడతారు. ఆ మాట కొట్టేసి అసలు కారణం రాయమని ఇంకో మెయిలు పెట్టాను. వారం తర్వాత కొత్త షీటు వచ్చింది: సెల్లు లీకు, వారంటీ కింద మార్పు.

ఆ కాగితం రాత్రి భోజనాల దగ్గర పెట్టాను. మా ఆయన రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. మర్నాడు తానే బస్సెక్కి అనంతపురం పోయి వాచీ తెచ్చి, అమ్మాయిని పిలిచి దాని చేతికి పెట్టారు. "చేతులు కడుక్కునేటప్పుడు తీయనక్కర్లేదులే" అన్నారు. అది నావైపు చూసి నవ్వింది.