బోర్డుకు కుడివైపు పట్టిక

పల్నాడులోని ఆ ప్రభుత్వ జూనియర్ కాలేజీకి నేను వెళ్లిన రోజు మొదటి సంవత్సరం ఎంపీసీ వాళ్లకు 'పని, శక్తి, సామర్థ్యం' పాఠం నడుస్తోంది. ఫిజిక్స్ మేడమ్ బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశారు. ఎడమవైపు ఆమె పాఠం చెబుతారు. కుడివైపు పిల్లల పట్టిక. పాఠంలో కొత్త రాశి పేరు వినబడగానే ఎవరో ఒకరు లేచి వచ్చి దానికో వరుస రాయాలి.

పుస్తకంలో లాగా మితి ఫార్ములా మొత్తం రాయరు. ద్రవ్యరాశి, పొడవు, కాలం ఘాతాలను మూడు అంకెలుగా మాత్రమే రాస్తారు. పీరియడ్ సగమయ్యేసరికి పట్టిక ఇలా తయారైంది:

| రాశి | గుర్తు | ప్రమాణం | M | L | T |
|---|---|---|---|---|---|
| ద్రవ్యరాశి | m | kg | 1 | 0 | 0 |
| దూరం | x | m | 0 | 1 | 0 |
| వేగం | v | m/s | 0 | 1 | −1 |
| త్వరణం | a | m/s² | 0 | 1 | −2 |
| బలం | F | N | 1 | 1 | −2 |
| పని, శక్తి | W, E | J | 1 | 2 | −2 |
| స్ప్రింగ్ స్థిరాంకం | k | N/m | 1 | 0 | −2 |

చివరి వరుస దగ్గర మేడమ్ పాఠం ఆపారు. "k కి అంకెలు బట్టీ పట్టొద్దు. F = kx ఉంది కదా, అందులోంచి తీయండి" అన్నారు. రాశులను గుణిస్తే అంకెలు కూడాలి, భాగిస్తే తీసివేయాలి, వర్గానికి రెట్టింపు, వర్గమూలానికి సగం. బలం అంకెల్లోంచి దూరం అంకెలు తీసేసి, 1, 0, −2 అని ముందు బెంచీ అమ్మాయి రాసింది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే. పట్టికను ఎవరో తయారుచేసి ఇస్తే అది కంఠస్థం చేయాల్సిన మరో పేజీ అవుతుంది. పాఠంలోంచే పుట్టినప్పుడు ఒక్కో వరుస వెనుక ఒక సూత్రం గుర్తుంటుంది.

తర్వాత మేడమ్ స్లిప్ టెస్టు పేపర్ల కట్ట విప్పారు. లెక్క ఒకటే: 2 కిలోల దిమ్మె సెకనుకు 4 మీటర్ల వేగంతో నునుపు నేల మీద జారుతూ వచ్చి స్ప్రింగ్‌ను గుద్దుకుంది. స్ప్రింగ్ స్థిరాంకం 8 N/cm. స్ప్రింగ్ గరిష్ఠంగా ఎంత నొక్కుకుంటుంది?

ఒక పేపర్లో x = v√(k/m) అని ఉంది. "ఏరా, అంకెలు వేసి చెప్పు" అన్నారు మేడమ్. అబ్బాయి లేచి లెక్క కట్టాడు. k/m కి 0, 0, −2. వర్గమూలం చేస్తే 0, 0, −1. దానికి వేగం అంకెలు కలిపితే 0, 1, −2. పట్టికలో వేలు పెట్టి వెతికి, "త్వరణం వచ్చింది మేడమ్" అన్నాడు. దూరం అడిగితే త్వరణం వచ్చిందంటే, T లో రెండు ఎక్కువగా పోయాయి. లోపలి భిన్నాన్ని తిరగేస్తే సరిగ్గా ఆ రెండూ తిరిగి వస్తాయి. x = v√(m/k) అని అతనే దిద్దుకున్నాడు. తప్పని తేల్చడంతో ఆగకుండా, తప్పు ఏ దిక్కున ఉందో కూడా ఆ అంకెలు చూపించాయి.

రెండో పేపర్లో సూత్రం సరైనదే, జవాబు మాత్రం 2 మీటర్లు. ఇక్కడ మూడు అంకెలూ కలిసిపోతాయి, తప్పు దొరకదు. అందుకే పట్టికలో ప్రమాణం గడి ఉంది. అక్కడ N/m అని ఉంటే లెక్కలో ఇచ్చింది N/cm. 8 ని 800 గా మార్చుకుంటే జవాబు 0.2 మీటరు, అంటే 20 సెంటీమీటర్లు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకున్నది ఇలాంటి పొరపాటుతోనే. ఒక సాఫ్ట్‌వేర్ ప్రచోదనాన్ని పౌండు-సెకన్లలో ఇస్తే రెండోది న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. రెండింటికీ మితులు ఒకటే.

మూడో పేపరు ఇంకా చిక్కు. kx² = ½mv² అని రాసి 14 సెంటీమీటర్లు తేల్చాడు. రెండు వైపులా 1, 2, −2. ప్రమాణాలూ సరిపోయాయి. ½ కి మితులు లేవు కనుక అది ఎగిరిపోయినా పట్టికకు తెలియదు. "దీన్ని పట్టిక పట్టుకోలేదు. స్ప్రింగ్ బలం సున్నా నుంచి kx దాకా పెరుగుతుంది కాబట్టి సగటు తీసుకున్నాం, గుర్తుందా?" అంటూ మేడమ్ ఎడమవైపుకు వెళ్లి F–x గ్రాఫ్ కింద త్రిభుజాన్ని మళ్లీ గీశారు. పట్టిక ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ పాఠంలోకి తిరిగి వెళ్లాలో పిల్లలకు ఒకే లెక్కలో తెలిసింది.

బెల్ కొట్టబోతుండగా ఒక అమ్మాయి అడిగింది: "టార్క్ అంకెలు కూడా 1, 2, −2 కదా మేడమ్? మరి జవాబు శక్తా, టార్కా అని ఎలా చెప్పాలి?" మేడమ్ ఆమె చేతికే సుద్దముక్క ఇచ్చి టార్క్ వరుస రాయించారు. ప్రమాణం గడిలో J కాకుండా N·m అని రాయమన్నారు. రెండు వరుసల పక్కనా చుక్క గుర్తు పెట్టించారు. ఆ గుర్తున్న అంకెలు వస్తే, లెక్కలో బలాన్ని తన దిశలోనే జరిగిన దూరంతో గుణించామా, లేక దానికి లంబంగా ఉన్న దూరంతోనా అని బొమ్మలో చూసి తేల్చుకోవాలి.