ఎర్రగడ్డల లారీ బాడుగ ఎవరిది, లెక్కలో ఎక్కడ రాయాలి?

కర్నూలు వైపు ఉల్లిగడ్డ అంటాం, కడప వైపు ఎర్రగడ్డ అంటాం. పేరేదైనా లారీ ఎక్కినాక గొడవ ఒకటే, బాడుగ ఎవరు భరించాల అని. ఇప్పుడు చానా ఊర్లలో రైతులే ఎఫ్‌పీఓ పెట్టుకుని సరుకు కొని అమ్ముతున్నారు. ఈ బాడుగ లెక్క తప్పితే ఆఖరికి కోత పడేది రైతు రేటుకే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

వ్యాపారి రేటు రెండు రకాలుగా చెప్తాడు. ఒకటి లోడింగ్ రేటు. మన గోడౌన్ కాడ తూకం వేసి లారీ ఎక్కిస్తే మన పని అయిపోయినట్టే. బాడుగ, దోవలో తరుగు, కుళ్ళు అన్నీ కొన్నవాడివే. రెండోది చేరిన రేటు, బిల్లుల్లో ఎఫ్.ఓ.ఆర్ అని రాస్తారు. అక్కడికి చేరి తూకం అయ్యేదాకా సరుకూ మనదే, బాడుగా మనదే. వేరే మాట ఏదీ రాసుకోకపోతే, కొన్నవాడికి పంపమని లారీకి అప్పజెప్తే అతనికి అప్పజెప్పినట్టే అని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 39వ సెక్షన్ చెప్తుంది. కానీ "అక్కడి తూకమే ఫైనల్" అని మనమే ఒప్పుకుంటే ఆ మాటే చెల్లుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. రేట్లు లెక్క కోసం నేను అనుకున్నవి, మీ రేట్లు పెట్టుకోండి. సంఘం రైతుల కాడ క్వింటాలు 1,500 లెక్కన 120 క్వింటాళ్లు కొనింది. ఊర్ల నుంచి గోడౌన్‌కు ట్రాక్టర్ బాడుగ 4,800, అంటే క్వింటాలుకు 40. ఇది లోపలికొచ్చే బాడుగ. సరుకు మన చేతికి రావడానికి అయిన ఖర్చు కాబట్టి దీన్ని కొన్న ధరలోనే కలపాల. క్వింటాలు అసలు ఖరీదు 1,540 అయింది.

అందులో 100 క్వింటాళ్లు తాడేపల్లిగూడెం పోయినాయి అనుకుందాం. అమ్మిన సరుకు ఖరీదు 1,54,000. గోడౌన్లో మిగిలిన 20 క్వింటాళ్ల విలువ 30,800, దాని వంతు బాడుగ 800 దాంట్లోనే ఉంటుంది. 4,800 అంతా ఈ లోడు మీదే రాస్తే ఈ లోడులో లాభం 800 తగ్గి కనపడుతుంది, వచ్చే లోడులో అంతే ఎక్కువ కనపడుతుంది.

ఇప్పుడు అమ్మకం. లోడింగ్ రేటు 1,750 అయితే 1,75,000 వస్తుంది, మిగిలేది 21,000. చేరిన రేటు 1,900 అన్నారు, లారీ బాడుగ 13,000. చూడటానికి ఇదే మేలు, 2,000 ఎక్కువ మిగులుతుంది. కానీ దోవలో రెండు క్వింటాళ్లు తరిగితే 98కే డబ్బులు, 1,86,200. అందులో సరుకు ఖరీదు 1,54,000, బాడుగ 13,000 తీసేస్తే మిగిలేది 19,200. పెద్ద రేటు చూసి ఆశపడినోళ్లకు 1,800 తక్కువ వచ్చింది.

అసలు చిక్కు ఈ 13,000 కాడ ఉంది. ఇది బయటికిపోయే బాడుగ, అమ్మకం ఖర్చు. సరుకు ఖరీదులో కలపకూడదు, విడిగా రాయాల. చానామంది గుమాస్తాలు రెండు బాడుగలూ ఒకే పద్దులో వేస్తారు. అప్పుడు క్వింటాలు ఖరీదు 1,670గా కనపడుతుంది. రేపు మీటింగులో ఎవరో 1,750 లోడింగ్ రేటు పక్కన పెట్టి చూసి, "క్వింటాలుకు 80 రూపాయలే మిగులుతోంది, రైతు కాడ కొనే రేటు తగ్గిద్దాం" అంటారు. నిజానికి ఆ రేటుకు మిగిలేది 210. లారీ బాడుగ బరువు రైతు నెత్తిన పడిందన్నమాట.

ఎల్.ఆర్ మీద "టు పే" అని ఉంటే బాడుగ కొన్నవాడిదే అనుకోవద్దండి. అక్కడ లారీకి డబ్బులు ఇచ్చేది ఎవరో మాత్రమే అది చెప్తుంది. చేరిన రేటుకు అమ్మి ఉంటే వాళ్లు బాడుగ కట్టేసి మన బిల్లులో కోసుకుని 1,73,200 పంపుతారు. పుస్తకంలో అమ్మకం 1,86,200 అని, బాడుగ 13,000 అని విడివిడిగానే రాయండి. చేతికొచ్చిన డబ్బే అమ్మకం అని రాస్తే, ఎంత రేటుకు అమ్మినామో, బాడుగ ఎంత తినిందో మళ్లీ తెలీదు.

మార్చి 31 రాత్రి లారీ దోవలో ఉంటే కూడా ఇదే సూత్రం. లోడింగ్ రేటుదైతే అమ్మకం అయిపోయినట్టు, చేరిన రేటుదైతే ఇంకా మన స్టాకే.

కాబట్టి లోడు కదలక ముందే బిల్లు మీద మూడు మాటలు రాయించండి: రేటు ఏ ఊర్లోది, తూకం ఎక్కడిది, తరుగు ఎవరిది. ఫోన్లో మాట్లాడుకున్నా సరే, అదే మాట వాట్సాప్‌లో పెట్టి "సరే" అనిపించుకోండి. మీ సంఘం పుస్తకంలో బాడుగకు ఎన్ని పద్దులు ఉన్నాయో చూసి కింద కామెంట్లో చెప్పండన్నా.