ఎక్స్‌టెండర్ పెడితే స్పీడు సగం ఎందుకవుతుంది? మెష్ కొంటే సరిపోతుందా?



మా హాస్టల్లో వైఫై రౌటర్ కింద ఆఫీసు గదిలో ఉంది. పై అంతస్తులో చివరి నాలుగు గదులకు సిగ్నల్ సరిగా అందదు. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి సర్టిఫికెట్లు ఎక్కించాలన్నా, ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాయాలన్నా ఆ గదులవాళ్ళం మెట్ల మీదకొచ్చి కూర్చోవాల్సిందే. అందుకని తలా వంద రూపాయలు వేసుకుని ఏదైనా కొందాం అనుకున్నాం. ఎక్స్‌టెండర్ చాలని కొందరం, మెష్ అయితేనే మంచిదని కొందరం. డబ్బు మళ్ళీ మళ్ళీ పోగు కాదు కదా. అందుకే తెలిసిన అన్న దగ్గర ఒక ఎక్స్‌టెండర్ రెండు రోజులకి అడిగి తెచ్చుకుని, ముందు కొలిచి చూశాం.

ఎక్స్‌టెండర్ పని ఇలా ఉంటుంది. వాగుకి అవతల ఉన్నవాళ్ళకి మన కేక వినబడదనుకోండి. మధ్యలో రాయి మీద ఒకడిని నిలబెడతాం. మనం అరిచిన మాట వాడు విని, మళ్ళీ అటు తిరిగి అరుస్తాడు. వాడు అరిచేటప్పుడు మనం నోరు మూసుకోవాలి, లేకపోతే రెండు మాటలూ కలిసిపోతాయి. అంటే ఒక్క మాట చేరడానికి రెండు మాటల సమయం పడుతుంది. వైఫైలో కూడా ఒక ఛానల్ మీద ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. మామూలు ఎక్స్‌టెండర్ రౌటర్‌తోనూ, ఫోన్‌తోనూ అదే ఛానల్ మీద మాట్లాడుతుంది. సగం అయ్యేది అందుకే.

మా లెక్క చూడండి. రౌటర్ పక్కన స్పీడు 40 ఎంబీపీఎస్. మెట్ల దగ్గర 30. చివరి గదిలో 3. ఎక్స్‌టెండర్ మెట్ల దగ్గర పెట్టాం. 30 మెగాబిట్ల ఫైలు రౌటర్ నుంచి దానికి చేరడానికి ఒక సెకను, అది మళ్ళీ గదిలోకి పంపడానికి ఇంకో సెకను. 30 మెగాబిట్లకు రెండు సెకన్లంటే 15 ఎంబీపీఎస్. మాకు గదిలో 14 వచ్చింది. సగమే అయినా, 3 కంటే 14 చాలా మేలు.

తర్వాత అదే ఎక్స్‌టెండర్‌ని చివరి గదిలోనే పెట్టి చూశాం. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, స్పీడు మాత్రం 3 కూడా దాటలేదు. ఎందుకంటే ఆ గీతలు చూపించేది ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య బలమే. ఎక్స్‌టెండర్‌కే 3 అందుతుంటే అది ఇంకెంత ఇవ్వగలదు? సిగ్నల్ లేని చోట కాదు, ఇంకా బాగా అందే చోట దాన్ని పెట్టాలి.

హాస్టల్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ఎక్స్‌టెండర్ ప్రతి మాటా రెండోసారి చెప్పే సమయం అందరి వాటాలోంచే పోతుంది. రాత్రి అందరం ఫోన్లు పట్టుకున్నాక కింది గదులవాళ్ళకి కూడా స్పీడు తగ్గింది.

మరి మెష్? అందులో రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకదానికొకటి చెప్పుకుంటూ పనిచేస్తాయి. నడుస్తూ వెళ్తే ఫోన్ దగ్గరి పెట్టెకి మారడం సులువవుతుంది. కానీ స్పీడు సంగతి వేరే. పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఇంకో రేడియో ఉన్న ట్రైబ్యాండ్ మెష్‌లో సగం అవడం చాలావరకు తప్పుతుంది. అంత ధర లేని డ్యూయల్ బ్యాండ్ మెష్‌లో పెట్టెల మధ్య మాటా, ఫోన్ల మాటా ఒకే బ్యాండ్ మీద నడిస్తే ఎక్స్‌టెండర్ కథే మళ్ళీ. డబ్బా మీద మెష్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ రెండు మాటల సమయం పోదు.

ఆ సమయాన్ని పూర్తిగా తీసేసేది కేబుల్. మధ్య మాట తీగలో వెళ్తే గాలి మొత్తం ఫోన్లకే మిగులుతుంది. మెష్ పెట్టెల్నీ ఇలా తీగతో కలపొచ్చు. చివరికి మేం ఎక్స్‌టెండర్ తిరిగి ఇచ్చేసి, 30 మీటర్ల కేబుల్ కొని, వార్డెన్ సారు అనుమతితో మెట్ల పక్కగా పైకి లాగాం. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. పై చివర ఒక పాత రౌటర్ పెట్టాం. దాని అడ్రస్ 192.168.1.2కి మార్చి (పెద్ద రౌటర్‌ది 192.168.1.1), DHCP ఆపి, కేబుల్‌ని WAN లో కాకుండా LAN రంధ్రంలో పెట్టాం. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే. ఛానల్ మాత్రం కింద 1, పైన 6. ఇప్పుడు చివరి గదిలో 36 వస్తోంది.

మీ హాస్టల్లో కూడా కొనే ముందు, ఎక్కువమంది వాడని సమయంలో రెండు చోట్ల స్పీడ్ టెస్ట్ చేయండి: రౌటర్ పక్కన, పెట్టె పెట్టాలనుకున్న చోట. రెండో అంకెలో సగం మీ పనికి సరిపోతే ఎక్స్‌టెండర్ చాలు. సరిపోకపోతే ముందు కేబుల్ లాగే దారి ఉందేమో చూడండి. అది కుదరకపోతేనే ట్రైబ్యాండ్ మెష్ గురించి ఆలోచించండి. మీ అంకెలు కింద రాయండి, కలిసి లెక్క చూద్దాం.