16 జీబీ స్టిక్ ఒకటా, 8 జీబీవి రెండా?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మనమంతా అడిగేది ఒకటే, ‘ర్యామ్ ఎంత?’ అని. ఎనిమిదో పదహారో చెప్తే తల ఊపేస్తాం. ఆ ర్యామ్ ఎన్ని స్టిక్కులుగా ఉందో మాత్రం అడగం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేమ్స్ ఆడాలంటే తేడా అక్కడే వస్తుంది.

మద్దిలపాలెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల మా పిన్ని వాళ్లుంటారు. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది. మొన్నీమధ్య వచ్చి, ‘‘అన్నయ్యా, ఈ ల్యాప్‌టాప్ అమ్మేసి గ్రాఫిక్స్ కార్డున్నది తీసుకుంటాను. అమ్మకి నువ్వే చెప్పాలి’’ అన్నాడు. ఉన్నదాని వాయిదాలే పిన్ని ఇంకా కడుతోంది. వాడి బాధ కూడా నిజమే. వాడిది i5-1135G7 ప్రాసెసర్, క్లాస్‌మేట్‌దీ అదే. అక్కడ జీటీఏ 5 సాఫీగా నడుస్తోంది, వీడి దగ్గర నత్తనడక.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచాను. జీపీయూ పేరు Intel(R) UHD Graphics అని ఉంది. క్లాస్‌మేట్‌కి ఫోన్ చేసి చూడమంటే, Intel(R) Iris(R) Xe Graphics అన్నాడు. ‘‘ఒకే చిప్‌కి రెండు పేర్లేటన్నయ్యా?’’ అన్నాడు మావాడు. ఇంటెల్ పెట్టిన నిబంధనే అది. మెమరీ రెండు ఛానళ్లలో, అంటే మొత్తం 128 బిట్ల వెడల్పుతో ఉంటేనే ఆ చిప్‌కి Iris Xe అనే పేరు. లేకపోతే అదే చిప్ UHD అని కనిపిస్తుంది. మెమరీ పేజీలో కింద చూస్తే Slots used: 1 of 2. సంగతి అర్థమైపోయింది.

విడి గ్రాఫిక్స్ కార్డుకి సొంత మెమరీ ఉంటుంది. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కి అది లేదు. ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌నే ఇదీ పంచుకోవాలి. ఒక ఛానల్ ఒక్కో విడతలో 64 బిట్లు, అంటే 8 బైట్లు మోస్తుంది. DDR4-3200 ర్యామ్‌లో సెకనుకి 3200 మిలియన్ల విడతలు. లెక్క వేస్తే సెకనుకి 25.6 జీబీ. రెండు ఛానళ్లయితే 51.2 జీబీ.

1080పీ తెరమీద ఒక్క ఫ్రేమ్‌కే 20 లక్షలకు పైగా పిక్సెల్స్. గోడలు, రోడ్లు, మనుషుల మీద అతికించే బొమ్మల్ని ర్యామ్ నుంచి చదివి, ఆ పిక్సెల్స్‌ని మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి. డేటా సమయానికి అందకపోతే గ్రాఫిక్స్ యూనిట్ ఖాళీగా కూర్చుంటుంది. హైవేని ఒక్క లేన్‌కి కుదించేస్తే మన బండి ఎన్ని సీసీలైతే ఏం లాభం? అదే బ్రౌజింగ్‌కో, కోడింగ్‌కో ప్రాసెసర్‌కి కావలసిన డేటా చాలావరకు దాని క్యాషేలోనే దొరుకుతుంది. అందుకే అక్కడ ఈ తేడా పెద్దగా తెలియదు.

‘‘8 జీబీ చాలక స్లో అయిందేమో’’ అని వాడి అనుమానం. అడగాల్సిన ప్రశ్నే. నా ల్యాప్‌టాప్‌లోంచి 16 జీబీ స్టిక్ తీసి, వాడి 8 జీబీ స్థానంలో ఒక్కదాన్నే పెట్టాం. జీటీఏలోనే ఉండే బెంచ్‌మార్క్ నడిపితే, సగటు 40 ఫ్రేములు ఉన్నది 41 అయింది. అక్కడక్కడా ఆగిపోవడం తగ్గింది, అంతే. తర్వాత వాడి 8 జీబీకి జతగా నా ఫ్రెండ్ దగ్గర తెచ్చిన ఇంకో 8 జీబీ పెట్టాం. మొత్తం అదే 16. సగటు మాత్రం 56కి వెళ్లింది. జీపీయూ పేరు కూడా దానంతటదే Iris Xe అయిపోయింది. సైజు మారలేదు, దారి వెడల్పయింది.

ఇలాంటి జత వేసేముందు కొన్ని చూసుకోవాలి. రెండో స్టిక్ అదే తరం, వీలైతే అదే సైజు, అదే స్పీడ్ ఉండాలి. స్పీడ్ తేడా ఉంటే రెండూ తక్కువ స్పీడ్‌కి దిగుతాయి. 8కి 4 కలిపితే 4+4 వరకే రెండు ఛానళ్లు, మిగతా 4 ఒంటరి. డెస్క్‌టాప్‌లో నాలుగు స్లాట్లుంటే పక్కపక్కన పెట్టేయకండి. సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

DDR5తో ఇంకో తికమక ఉంది. దాని ఒక్క స్టిక్‌లోనే 32 బిట్ల చిన్న ఛానళ్లు రెండుంటాయి. అది చూసి ‘ఒక్కటే డ్యూయల్ ఛానల్’ అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండూ కలిపినా 64 బిట్లే. ఇక గేమ్స్ విడి గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తుంటే, ఈ రెండో స్టిక్ వల్ల ఇంత తేడా రాదు.

అమ్మకం ఆలోచన మావాడు మానుకున్నాడు. కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న ముక్కకే రెండో స్టిక్ వచ్చేసింది. మీరు షాపుకెళ్తే ర్యామ్ ఎంత అని అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు కలపండి: ఎన్ని స్టిక్కులు? స్లాట్ ఖాళీ ఉందా? ర్యామ్ మొత్తం బోర్డుకే అతికించి, స్లాట్ లేకపోతే తర్వాత జత వేసే వీలుండదు.