కేసింగ్ ఎంత లోతు దిగింది?

నల్లగొండ జిల్లాలో ఒక మున్సిపాలిటీ తన చెత్తకు శాశ్వతమైన చోటు వెతుకుతోంది. రెవెన్యూ వాళ్లు చూపిన ప్రభుత్వ భూమి నలభై ఎకరాల పైచిలుకు. నిర్ణయం ఇంకా జరగలేదు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. స్థలం పనికొస్తుందో లేదో తేల్చడానికి వెళ్తున్న భూగర్భ జల నిపుణురాలితో పాటు మే నెల ఎండలో నేనూ వెళ్లాను.

ఆవిడ ముందు ఆ నలభై ఎకరాల్లో అడుగు పెట్టలేదు. చుట్టుపక్కల పొలాల్లో బోరున్న ప్రతి రైతు దగ్గరా ఆగారు. అందరినీ అడిగింది ఒకటే: కేసింగ్ ఎంత లోతు దిగింది?

"నలభై ఫీట్లు దిగింది మేడం" అన్నాడు మొదటి రైతు. "అవతల గట్టి రాయే. డెబ్బై ఫీట్ల కాడ గ్యాప్ తగిలింది, గక్కడ నీళ్లు వడ్డయి."

ఆ ఒక్క జవాబులో ఆవిడకు కావలసింది చాలా ఉంది. మన గ్రానైటు నేలలో పైన మట్టి, దాని కింద మొరం, అంటే మెత్తబడి పొడిపొడిగా మారిన రాయి ఉంటాయి. బోరు గోడ కూలకుండా కేసింగ్ పైపు దించేది అంతవరకే. దాని కింద రాయి గట్టిగానే ఉంటుంది కానీ పగుళ్లు బారి ఉంటుంది. ఇంకా కిందికి పోతే పగుళ్లు తగ్గి నిండురాయి మిగులుతుంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో తేలింది ఇదే. ఈ పగుళ్లు చాలావరకు రాయి పైనుంచి కుళ్లుతూ వచ్చే క్రమంలోనే పుట్టినవి, లోతుకు పోయేకొద్దీ పలచబడతాయి. కేసింగ్ లోతు తెలిస్తే మొరం మందం తెలుస్తుంది, గ్యాప్ లోతు తెలిస్తే నీరు నడిచే దారి తెలుస్తుంది. రైతులు సొంత డబ్బుతో తవ్వించుకున్న ఆ బోర్లే ఆవిడకు మొదటి పటం.

రెండోది నీటిమట్టం. ఒక పాత మోట బావి దగ్గర ఆగాం. టేపుకు బరువు కట్టి దించితే నీళ్లు పదమూడు మీటర్ల లోతున తగిలాయి. వెంట వచ్చిన మున్సిపల్ ఇంజినీరు ముఖం వికసించింది. నిబంధన ప్రకారం ల్యాండ్‌ఫిల్ అడుగున వేసే బంకమట్టి పొరకూ, నీటిమట్టానికీ మధ్య కనీసం రెండు మీటర్లు ఉండాలి. ఆయన లెక్కలో నాలుగు మీటర్లు తవ్వి అడుగున మట్టి పొర పరిచినా ఇంకా తొమ్మిది మీటర్లు మిగులుతుంది.

కానీ 2000లో వచ్చి 2016లో మళ్లీ రాసిన ఘనవ్యర్థాల నిబంధనలు రెండింటిలోనూ ఉన్నది నీటిమట్టం చేరే అత్యధిక ఎత్తు. మే నెలలో కొలిచింది దానికి దరిదాపుల్లో ఉండదు. ఇక్కడి రాతిలో నీరు నిలిచే ఖాళీ నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. అది ఒకటిన్నర అనుకుంటే, వానలో అరవై మిల్లీమీటర్లు ఇంకినా చాలు, నీటిమట్టం నాలుగు మీటర్లు లేస్తుంది. మంచి వానలు పడ్డ ఏడు ఇంకా లేస్తుంది. ఆవిడ బావి రాతికట్టు చూపించారు. ఐదు మీటర్ల దగ్గర తెల్లటి ఉప్పుచార ఉంది. వానాకాలపు నీరు అక్కడిదాకా వచ్చి నిలిచిన గుర్తు అది.

"పెద్దయ్యా, ఇంతకన్నా పైకి ఎప్పుడైనా వచ్చిందా?" అని బావి యజమానిని అడిగారు.

"మా నాయన దినాలల్ల ఇంకా మీదికొస్తుండె. చేత్తోటి చెంబు ముంచినట్టే. ఇప్పుడు బోర్లెక్కువైనయి, నీళ్లు కిందికి వోయినయి."

ఈ మాట దగ్గర ఆవిడ చాలాసేపు ఆగారు. నాకూ ఇది ముఖ్యమనిపించింది. ఇవాళ కనిపిస్తున్న లోతు నేల స్వభావం కాదు, మోటార్లు నడిచినంత కాలం ఉండే లోతు. రేపు ఈ ఊళ్లకు కాలువ నీరు వస్తే బోర్లు ఆగుతాయి, మట్టం పాత చోటికి లేస్తుంది. ల్యాండ్‌ఫిల్ ఇరవై ఏళ్లకు పైగా నిండుతుంది, నిండాక కూడా అక్కడే ఉంటుంది. అప్పుడు లేచిన నీరు కింది నుంచి మట్టి పొరను పైకి నెడుతుంది. ఉప్పుచారను పట్టి చూసినా అడుగు మూడు మీటర్లకు మించి దిగకూడదు. పెద్దాయన జ్ఞాపకాన్ని కూడా లెక్కలో వేస్తే అసలు తవ్వకూడదు, నేలమీదే కట్టలు పోసి కట్టాలి. అలా కడితే అదే విస్తీర్ణంలో పట్టే చెత్త తగ్గుతుంది, కట్టలకు మట్టి బయటినుంచి తేవాలి. ఇంజినీరు పుస్తకంలో రాసుకున్నారు గానీ ఒప్పుకున్నట్టు కనిపించలేదు.

ఆ తర్వాతే స్థలంలోకి వెళ్లాం. జేసీబీతో తవ్వించిన పరీక్ష గుంటలు అక్కడక్కడా ఉన్నాయి. పడమటి వైపు ఎర్రమట్టి, గరుసు కలిసినది. తూర్పు వైపు సుమారు పదిహేను ఎకరాల్లో నల్లమట్టి, మనిషి లోతు వరకూ ఉంది. మున్సిపాలిటీ వాళ్లకు తూర్పు భాగమే నచ్చింది. బంకమట్టి అక్కడే ఉంది, తేవలసిన పని లేదు.

నిబంధన కోరే మట్టి పొర తొంభై సెంటీమీటర్ల మందం. దానిలో నీరు దిగే వేగం సెకనుకు సెంటీమీటరులో కోటో వంతును మించకూడదు. దాని పైన ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు. కోటో వంతు అంటే దాదాపు సున్నా అనిపిస్తుంది. ఆవిడ కాగితం మీద లెక్క వేసి చూపించారు. పొర మీద ముప్పై సెంటీమీటర్ల లీచేట్, అంటే చెత్తలోంచి ఊరి దిగే నల్లటి నీరు, నిలిచి ఉందనుకుందాం. షీటు లేకపోతే ఏడాదికి నాలుగు సెంటీమీటర్ల పైన దిగుతుంది. పది ఎకరాల మీద అది సుమారు పదిహేడు లక్షల లీటర్లు. ఇది నిబంధనకు సరిగ్గా సరిపోయే మట్టి సంగతి. పదింతలు వదులైన మట్టి అయితే కోటీ డెబ్బై లక్షలు. షీటు దీన్ని బాగా తగ్గిస్తుంది కానీ అతుకుల దగ్గర, రాయి గుచ్చుకున్న చోట రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రం కింద ఉండేది మట్టే.

నల్లమట్టి ఆ పనికి సరైనదేనా? ఆవిడ కారు డిక్కీలో రెండు గాజు కొలజాడీలు ఉన్నాయి. ముందురోజు జల్లెడ పట్టి ఆరబెట్టిన ఆ మట్టినే పది గ్రాముల చొప్పున రెండింటిలో వేసి, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో కిరోసిన్ పోసి ఇరవై నాలుగు గంటలు ఉంచారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో అదే మట్టి దానికి రెట్టింపు పైగా లేచి నిలబడింది. తడిస్తే అంత ఉబ్బే మట్టి ఎండితే అంతగానూ కుంచించుకుపోతుంది. మేం నిలబడ్డ చోటే అరచేయి దూరే నెర్రెలు ఉన్నాయి. పొర పరిచి, షీటు కప్పడానికి వారం ఆలస్యమైతే చాలు, తొంభై సెంటీమీటర్ల మందంలో చాలా భాగం లెక్కకే మిగులుతుంది.

ప్రయోగశాల కాగితాలు ఇక్కడ మోసం చేస్తాయని ఆవిడ అన్నారు. పిడికెడంత నమూనాను మెత్తగా నలిపి, అచ్చులో గట్టిగా దట్టించి కొలిస్తే ఏ నల్లమట్టైనా పరీక్ష పాసవుతుంది. పొలంలో అదే మట్టి పెళ్లలు పెళ్లలుగా పడుతుంది, నీరు పెళ్లల సందుల్లోంచి పోతుంది. అక్కడ వేగం నూరింతలు ఉన్న సందర్భాలు ఉన్నాయి. అందుకే పెళ్లలు చితగ్గొట్టాలి, రోడ్డు పనికి వాడే తడి కంటే కాస్త ఎక్కువ తడితో, పదిహేను సెంటీమీటర్ల పొరలుగా షీప్‌ఫుట్ రోలరుతో తొక్కించాలి. ఒక పొర ఆరకముందే పైది పడాలి. ఆ తర్వాత ఒక చిన్న మడిలో నీళ్లు కట్టి, అక్కడికక్కడే వారాల తరబడి ఇంకుడు కొలవాలి. పడమటి వైపు ఎర్రమట్టి అంతగా ఉబ్బదు. గరుసు జల్లించి, నూటికి ఐదు నుంచి పది పాళ్లు బెంటోనైట్ కలిపితే అది నల్లమట్టి కంటే నమ్మకంగా పనిచేయవచ్చని ఆవిడ ఉద్దేశం.

ఇక అసలు విషయం తూర్పు అంచున కనిపించింది. అక్కడ నల్లరాళ్ల గుట్టలు ఒక వరసలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిపోయాయి. చుట్టూ ఉన్న గ్రానైటు రంగు వేరు, ఈ రాయి వేరు. ఇది డోలరైటు డైక్. ఎప్పుడో గ్రానైటు చీలి, ఆ చీలికలోకి శిలాద్రవం కింది నుంచి ఎక్కి గోడలా గడ్డకట్టింది. ఆ గోడ నీటికి అడ్డం, కానీ దాని రెండు పక్కలా గ్రానైటు నలిగి పగుళ్లు బారి ఉంటుంది. డైక్ వెంబడి బోరు వేసిన రైతులందరికీ నీళ్లు పడ్డాయి. పొద్దున ఆవిడ అడిగి రాసుకున్న పేజీలో అవన్నీ ఒకే గీత మీద ఉన్నాయి.

నల్లమట్టి కూడా ఆ గీత పక్కనే ఎందుకుంది? డోలరైటు కుళ్లితే వచ్చేది నల్లటి బంకమట్టే. అంటే మున్సిపాలిటీని ఆకర్షించిన మంచి మట్టి అక్కడ ఉండటానికి కారణమే, కింద ఉన్న చెడ్డ రాయి. ఈ సంగతి తెలిశాక ఆ పదిహేను ఎకరాలు నాకు వేరేగా కనిపించాయి.

"మట్టి లారీలో తెచ్చుకోవచ్చు. పగులును ఎక్కడికి తీసుకుపోతాం?" అన్నారావిడ.

మట్టి పొరలో ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు నడిచే నీరు, పగులు దొరికితే ఎంత వేగంగా పోతుంది? అర మిల్లీమీటరు వెడల్పున్న నున్నటి పగులు, రెండు వందల మీటర్లకు ఒక మీటరు వాలు అనుకుంటే, లెక్క ప్రకారం రోజుకు ఎనభై మీటర్ల పైన. నిజమైన పగులు గరుకుగా, మట్టి నిండి ఉంటుంది కాబట్టి అంత ఉండదు. అయినా వెడల్పు రెట్టింపైతే పారే నీరు ఎనిమిదింతలు అవుతుంది. వాలు తూర్పుకే ఉంది, అటు చెరువుంది.

అంతకంటే కలవరపెట్టేది మరొకటి. ఇసుక నేలలో కారిన నీరు విసనకర్రలా విచ్చుకుంటుంది, దిగువన నాలుగు పరిశీలన బోర్లు వేస్తే ఏదో ఒకదానికి తగులుతుంది. పగుళ్ల రాతిలో అది ఒకే సన్నటి దారిన పోతుంది. నాలుగు బోర్లూ శుభ్రంగా ఉన్నాయని నివేదికలు వస్తూనే ఉండవచ్చు, అర కిలోమీటరు అవతల ఒక రైతు బోరు నీరు రంగు మారవచ్చు. జవహర్‌నగర్ చెత్త గుట్టల కింద ఉన్నదీ గ్రానైటే. అక్కడ లీచేట్ మల్కారం చెరువునూ భూగర్భ జలాన్నీ పాడుచేసింది. ఆ పాత గుట్టల అడుగున పొరే లేదు. ఇక్కడ పొర వేసినా, కారినప్పుడు కనిపెట్టగలమా అన్నది విడి ప్రశ్న, కనిపెట్టలేని చోట కట్టకూడదని నా అభిప్రాయం.

పగుళ్లను వెతికే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. నిటారుగా దింపిన బోరు నిటారు పగులు పక్కనుంచే తగలకుండా దిగిపోగలదు. అందుకే డైక్ వైపు ఏటవాలుగా బోర్లు దింపి రాతి కోర్ తీయమని రాశారావిడ. కోర్ విరిగిన ముఖం బూడిదరంగులో తాజాగా ఉంటే అది యంత్రం విరిచినది. తుప్పు రంగు పట్టి ఉంటే అందులో నీరు నడుస్తోంది. అలాంటి చోట పైనా కిందా రబ్బరు బిరడాలు బిగించి, మధ్యలోకి ఒత్తిడితో నీళ్లు పంపి, నిమిషానికి ఎంత తాగుతుందో కొలుస్తారు.

తిరిగి వస్తుంటే గడ్డిలో మూత లేని ఎండిన బోరు ఒకటి కనిపించింది. స్థలం లోపలే. ఎవరో ఒకప్పుడు కౌలుకు దున్నినప్పుడు వేసింది. మట్టి పొర ఎంత మంచిదైనా, దాని కింద ఇలాంటి గొట్టం ఒకటి ఉంటే లీచేట్ నేరుగా పగుళ్లలోకి దిగుతుంది. ఇంకెన్ని ఉన్నాయో రికార్డుల్లో లేదు. కూలీలను వరసగా నడిపించి ప్రతి బోరూ వెతికించి, అడుగునుంచి సిమెంటు, బెంటోనైట్ కలిపిన ముద్దతో నింపమని ఇంజినీరుకు చెప్పారు.

ఆవిడ నివేదిక ముసాయిదాలో తూర్పు పదిహేను ఎకరాలు కొట్టేశారు. పడమటి వైపు, డైక్‌కు దూరంగా ఉన్న భాగాన్ని మాత్రం పరిశీలనలో ఉంచారు. తవ్వకుండా నేలమీదే కట్టాలి, ఎర్రమట్టికి బెంటోనైట్ కలిపి నమూనా మడిలో నిరూపించాలి, ఏటవాలు బోర్ల ఫలితం రావాలి. మున్సిపాలిటీకి జూన్‌లోగా సంతకం కావాలి. ఆవిడ మాత్రం వానలు వెళ్లాక, అక్టోబరులో అదే బావిలో మళ్లీ టేపు దించి, ఆ అంకె చేర్చకుండా సంతకం పెట్టనని రాసి ఇచ్చారు.